తాటిపాక ఫ్యానులో మూడో అల

కరెంటు పోయినా తాటిపాకలో మా ఇంటి ఫ్యాను ఆగదు, గొంతు మాత్రం మారుస్తుంది. అప్పటిదాకా వినీ వినపడనట్టు తిరిగినది ఒక్కసారిగా గుయ్యిమని అందుకుంటుంది. మూలన స్టాండు మీదున్న పాత ఇన్వర్టరు పని అది. దాని వెనక చీటీ మీద ‘స్క్వేర్ వేవ్’ అని ఉంటుంది. బ్యాటరీలో నిలవ ఉన్న డీసీని అటూ ఇటూ తిప్పి వదలడం తప్ప దానికి వేరే విద్య రాదు. పది మిల్లీసెకన్లు ప్లస్ 230 వోల్టులు, పది మిల్లీసెకన్లు మైనస్ 230, మళ్ళీ ప్లస్. మధ్యలో ఎక్కడం దిగడం ఉండవు, గోడ మీంచి దూకినట్టు ఒక్క దూకుడే.

మొన్నొక సాయంత్రం ఆ గుయ్ మధ్యలోనే కూర్చుని పిల్లలకివ్వాల్సిన నోట్సు సరిచేస్తున్నాను. రెండో సంవత్సరం ఈసీఈ వాళ్ళకి సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. ఏటా ఇచ్చేదే. అందులో ప్రతి పుస్తకంలోనూ ఉండే బొమ్మే ఉంటుంది. మొదట ఒక సైన్ వేవ్, పక్కన రెండు కలిపినది, తర్వాత మూడు, చివర చాలా కలిపి ఇంచుమించు పెట్టెలా తయారైనది. కింద నేను ఎన్నో ఏళ్ళుగా రాస్తూ వచ్చిన వాక్యం: “ఇలా అనంతంగా కలుపుకుంటూ పోతే స్క్వేర్ వేవ్ వస్తుంది.” ఆ వాక్యం అబద్ధం కాదు. అలాగని నిజమంతా అందులో లేదు.

సరిగ్గా అప్పుడే మా వీధి ఎలక్ట్రీషియను ఫ్యాను సంగతి చూడ్డానికి వచ్చాడు. మీటరు తీసి ప్లగ్గులో పెట్టి, కళ్ళు పెద్దవి చేశాడు.

“రెండొందల యాభై అయిదు చూపిత్తందండీ. ఓల్టేజీ ఎక్కువొచ్చేత్తంది. అందుకే అరుత్తంది ఫేను. ఇలాగే వదిలేత్తే కాయిలు కాలిపోద్దండి, ఆయ్.”

ఇన్వర్టరు ఇచ్చేది 230. మీటరు చూపేది 255. నోట్సులో బొమ్మ పక్కన చిన్న లెక్క చేస్తే ఫ్యాను తిప్పుకోడానికి నిజంగా పనికొచ్చేది 207. ఒకే ప్లగ్గు, మూడు అంకెలు, మూడూ సరైనవే. ఈసారి పాఠం ఈ మూడు అంకెల చుట్టూనే తిప్పుదామని అప్పుడే అనుకున్నాను.

ముందుగా పిల్లలు ప్రతి ఏడూ అడిగే ప్రశ్న. “గుండ్రంగా ఊగే వాటిని కలిపితే మూల ఎలా వస్తుంది సార్?” దీన్ని తిరగేసి అడిగితే జవాబు తొందరగా దొరుకుతుంది. ఈ మూలలున్న అలలో ఒక ఫలానా సైన్ వేవ్ ఎంత కలిసి ఉందో కనుక్కోవడం ఎలా? పద్ధతి ఇది. స్క్వేర్ వేవ్‌నీ, మనం వెతుకుతున్న సైన్ వేవ్‌నీ క్షణం క్షణం గుణించుకుంటూ పోయి, వచ్చిన లబ్ధానికి సగటు తీయాలి. రెండూ కలిసి ఊగుతుంటే సగటు పెద్దగా వస్తుంది. ఒకదానితో ఒకదానికి పొత్తు లేకపోతే సున్నా వస్తుంది.

స్క్వేర్ వేవ్ ఎత్తు 1 అనుకుందాం. మొదటి అర చక్రంలో, అంటే ఆ పది మిల్లీసెకన్లలో, అది కదలకుండా 1 మీదే ఉంటుంది. కాబట్టి గుణకారమంటూ ఏమీ లేదు, సైన్ వేవ్ వంపుల వైశాల్యం చూసుకుంటే సరిపోతుంది. అదే 50 హెర్ట్జ్ సైన్ వేవ్ తీసుకుంటే ఆ పది మిల్లీసెకన్లలో ఒక్క వంపు పడుతుంది, అదీ పైకే. దాని సగటు 2/π, అంటే 0.637. రెండో అర చక్రంలో స్క్వేర్ వేవ్ మైనస్, సైన్ వేవ్ కూడా మైనస్, లబ్ధం మళ్ళీ ప్లస్సే. కాబట్టి మొత్తం సగటు 0.637. ఒక సైన్ వేవ్‌ని దానితో దాన్నే గుణిస్తే సగటు సగం వస్తుంది గనక, మన జవాబుని ఆ సగంతో భాగించాలి. వచ్చేది 1.273, అంటే 4/π.

ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. స్క్వేర్ వేవ్ ఎత్తు 1 అయితే దాని లోపలి ముక్క ఎత్తు 1.273 ఎలా అవుతుందని. అవుతుంది. సైన్ వేవ్ శిఖరం దగ్గర మాత్రమే పొడుగు, అంచుల దగ్గర పల్చన. ఆ అంచుల్లోని లోటుని అది నడుమ పెంచుకుని పూడ్చుకుంటుంది. నడుమ ఎక్కువైనదాన్ని తగ్గించడమూ, అంచుల్లో తక్కువైనదాన్ని నింపడమూ తర్వాత వచ్చే అలల పని.

ఇప్పుడు రెట్టింపు వేగంతో ఊగే 100 హెర్ట్జ్ అల తీసుకోండి. పది మిల్లీసెకన్లలో రెండు వంపులు, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకదాన్నొకటి తినేస్తాయి, మిగిలేది సున్నా. 200 హెర్ట్జ్‌లో నాలుగు వంపులు, జంటలు జంటలుగా రద్దు. సరి సంఖ్యలన్నిటి కథా ఇదే, ఒక్కదానికీ చోటు లేదు.

మూడో రెట్టు, 150 హెర్ట్జ్. పది మిల్లీసెకన్లలో మూడు వంపులు: పైకి, కిందికి, పైకి. రెండు రద్దయిపోగా ఒకటి మిగులుతుంది. కానీ ఆ మిగిలిన వంపు వెడల్పు మొదటిదానిలో మూడో వంతే. అందుకే దాని వాటా కూడా మూడో వంతే, 1.273/3. అయిదో రెట్టులో నాలుగు వంపులు పోయి ఒకటి మిగులుతుంది, దాని వెడల్పు అయిదో వంతు. ఏడులో ఏడో వంతు. పరీక్షలో పిల్లలు బట్టీపట్టి రాసే సూత్రంలో ఇంతకన్నా ఏమీ లేదు:

```
f(x) = (4/π) [ sin x + (sin 3x)/3 + (sin 5x)/5 + (sin 7x)/7 + ... ]
```

బేసి సంఖ్యలే ఎందుకన్నదానికీ, కింద 3, 5, 7 ఎందుకన్నదానికీ కారణం ఒక్కటే, ఎవరికీ జోడీ కాకుండా మిగిలిపోయిన ఆ ఒక్క వంపు. ఇంటిగ్రేషన్ గుర్తులు చూపించి ఇదంతా చెప్పడం తేలికే. కానీ ఈ వంపు కళ్ళకి కట్టనివాడికి ఆ గుర్తులు ఎన్ని చూపించినా ఒకటే.

ఇప్పుడు కలపడం మొదలెడదాం. అర చక్రం సరిగ్గా నడిమధ్యన నిలబడి చూస్తే, అక్కడ ఉండాల్సిన ఎత్తు 1. మొదటి అల ఒక్కటే ఉంటే 1.273. మూడో అల అక్కడ కిందికి వంగి ఉంటుంది కాబట్టి అది కలిశాక 0.849. అయిదోది పైకి లాగుతుంది, 1.103. ఏడోది కలిశాక 0.922. ఊయల ఊపు తగ్గుతున్నట్టు పైకీ కిందికీ ఊగుతూ 1 దగ్గరికి చేరుతుంది. ఈ నడిమధ్య లెక్కలోంచి 4/πని అవతలికి తీసేస్తే మిగిలేది 1 − 1/3 + 1/5 − 1/7 అంటూ సాగే వరుస. కేరళలో 14వ శతాబ్దపు మాధవుడి పేరుతో చెప్పుకునే వరుసే అది, π/4కి చేరేది. ఆయనకి ఇన్వర్టర్లూ లేవు, ఫ్యాన్లూ లేవు. కానీ స్క్వేర్ వేవ్ నడుము ఎత్తు ఎంతుండాలో ఆయన వరుసే చెబుతుంది.

నడుము సంగతి సరే. కథంతా అంచు దగ్గర ఉంది. దాన్ని కాస్త పక్కన పెట్టి ముందు ఆ మూడు అంకెలు తేల్చేస్తాను, ఎలక్ట్రీషియను ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు మరి.

ఎత్తు 230 వోల్టులున్న స్క్వేర్ వేవ్‌కి ఆర్‌ఎమ్‌ఎస్ విలువ కూడా 230యే, ఎందుకంటే అది ఎప్పుడు చూసినా ఆ ఎత్తులోనే ఉంటుంది. హీటరు పెట్టినా, పాత బల్బు పెట్టినా ఆ 230కి తగ్గట్టే వేడెక్కుతుంది. ఇది మొదటి అంకె.

మామూలు మల్టీమీటరుకి ఆర్‌ఎమ్‌ఎస్ లెక్క తెలియదు. అది ఏసీని ఒకవైపుకి మడిచి, సగటు తీసి, ఆ సగటుని 1.11తో గుణించి తెర మీద చూపిస్తుంది. వచ్చేది సైన్ వేవే అని దాని నమ్మకం. సైన్ వేవ్‌కి సగటు నుంచి ఆర్‌ఎమ్‌ఎస్‌కి వెళ్ళాలంటే ఆ 1.11 సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ మన స్క్వేర్ వేవ్‌కి సగటే 230. దాన్ని పట్టుకెళ్ళి 1.11తో గుణిస్తే 255. ఎక్కువొచ్చింది వోల్టేజీ కాదు, మీటరు నమ్మకం. ‘ట్రూ ఆర్‌ఎమ్‌ఎస్’ అని రాసి ఉన్న మీటరుతో అదే ప్లగ్గులో చూస్తే 230 చూపిస్తుంది. ఇంట్లో ఏ మాత్రం అనుమానం వచ్చినా, రెండు రకాల మీటర్లూ పెట్టి చూసి అంకెల్లో తేడా ఉంటే అల సైను కాదని అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆసిలోస్కోపు అక్కర్లేని పరీక్ష ఇది.

ఇక మూడోది. ఫ్యాను మోటారు తిరగడానికి పనికొచ్చేది 50 హెర్ట్జ్ అల ఒక్కటే. దాని శిఖరం 230కి 1.273 రెట్లు, 293 వోల్టులు. ఆర్‌ఎమ్‌ఎస్‌లోకి మారిస్తే 207. అంటే ఎలక్ట్రీషియను ఎక్కువొస్తోందని భయపడుతున్న చోట మోటారు నిజానికి తక్కువతో నెట్టుకొస్తోంది. మిగిలినదంతా మూడో అల 69 వోల్టులు, అయిదోది 41, ఏడోది 30, ఇలా పంచుకుపోయింది. శక్తి లెక్కలో చూస్తే మొత్తంలో 81 శాతం మొదటి అలది, 9 శాతం మూడోది, 3 శాతానికి కాస్త పైన అయిదోది. ఈ పై అలలు కాయిల్లో కరెంటునైతే నడిపిస్తాయి గానీ రెక్కల్ని తిప్పడానికి ఒరగబెట్టేది దాదాపు ఏమీ లేదు. ఫ్యాను కాస్త నెమ్మదిగా తిరుగుతూనే మామూలుకన్నా ఎక్కువ వేడెక్కడం అందుకే. కాయిలు కాలిపోద్దని అతను అన్న మాట మరీ తప్పేమీ కాదు, కారణమే వేరు.

బ్యాటరీ దిగుతున్నకొద్దీ ఈ అంకెలన్నీ కలిసికట్టుగా దిగుతాయి. నేను లెక్క తేలిక కోసం నిండు బ్యాటరీనే పట్టుకున్నాను.

మరి ఆ గుయ్? ఇనప రేకుల్ని అయస్కాంతం లాగే బలం అయస్కాంత ప్రవాహపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ప్రవాహం ప్లస్ అయినా మైనస్ అయినా ఇనుముకి ఒకటే, లాగుడే. అందుకే 50 హెర్ట్జ్ కరెంటు మీద ఫ్యాను చేసే సన్నటి మోత 50 కాదు, 100 హెర్ట్జ్. మంచి కరెంటు మీద ఇదొక్కటే ప్రధానం. స్క్వేర్ వేవ్ మీద మాత్రం 50తో పాటు 150, 250 కూడా ప్రవాహంలో ఉంటాయి. వర్గం చేసినప్పుడు ఇవి ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. 50, 150ల గుణకారంలోంచి 100, 200 పుడతాయి. 50, 250లలోంచి 200, 300 పుడతాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఫోనులో శబ్దాన్ని విడదీసి చూపే యాప్ ఒకటి తెరిచి ఫ్యాను కింద పట్టుకుంటే 100, 200, 300, 400 దగ్గర నిచ్చెన మెట్లలా గీతలు లేస్తాయి. మన చెవికి 100 హెర్ట్జ్ సరిగా ఆనదు, 300, 400 మాత్రం బాగా పట్టుకుంటుంది. ఇన్వర్టరు మీదకి మారగానే ఫ్యాను గొంతు పెరిగినట్టనిపించడంలో ఫ్యాను వంతు కొంతైతే చెవి వంతు కొంత.

ఒక మెలిక చెప్పాలి. కాయిల్లో ప్రవాహం వోల్టేజీని అచ్చుగుద్దినట్టు అనుసరించదు, దాన్ని కూడబెట్టుకుంటూ పోతుంది. వోల్టేజీ ప్లస్‌లో ఉన్నంతసేపూ ప్రవాహం తిన్నగా ఎక్కుతుంది, మైనస్‌లో తిన్నగా దిగుతుంది. కాబట్టి ప్రవాహం పెట్టెలా ఉండదు, తాటాకు పాక కప్పులా త్రికోణంగా ఉంటుంది. అలల లెక్కలో ఇదెలా కనిపిస్తుందంటే, కూడబెట్టడంలో ఒక్కో అలా తన సంఖ్యతో మరోసారి భాగించుకుంటుంది. మూడో అల మూడో వంతు నుంచి తొమ్మిదో వంతుకి, అయిదోది ఇరవై అయిదో వంతుకి పడిపోతాయి. కాయిలు ఆ రకంగా పై అలల్ని తొక్కిపెడుతుంది కాబట్టే స్క్వేర్ వేవ్ మీద ఫ్యాను ఏదోలా బతికి బట్టకడుతోంది. కెపాసిటరుది దీనికి సరిగ్గా ఎదురు స్వభావం. దాన్ని ఒంటరిగా స్క్వేర్ వేవ్‌కి తగిలిస్తే ఒక్కో అల కరెంటు తన సంఖ్యతో గుణించుకుంటుంది. భాగించిన మూడు, గుణించిన మూడు కొట్టుకుపోయి అలలన్నీ సమాన బలంతో నిలబడతాయి. అవన్నీ కలిసి ఒక్కో దూకుడు దగ్గరా సూదిలాంటి కరెంటు పోటుని పొడుస్తాయి.

ఇక వాయిదా వేసిన అంచు సంగతి.

దూకుడు జరిగే క్షణంలో అలలన్నీ సున్నా దగ్గరే ఉంటాయి, ఎన్ని కలిపినా అక్కడ సున్నాయే. అది పేచీ లేని చోటు. దాని పక్కనే మొదటి శిఖరం ఉంటుంది. N అలలు కలిపినప్పుడు ఆ శిఖరం అంచుకి చక్రంలో 4N వంతు దూరంలో వస్తుంది. ఒక అలకి దాని ఎత్తు 1.273 అని చూశాం. రెండింటికి 1.200. మూడింటికి లెక్క నోటితోనే అయిపోతుంది. శిఖరం 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడ sin 30 అంటే 0.5, sin 90లో మూడో వంతు 0.333, sin 150లో అయిదో వంతు 0.1. కలిపితే 0.9333, దాన్ని 1.273తో గుణిస్తే 1.188. నాలుగింటికి 1.184.

అంకెలు చూడండి: 1.273, 1.200, 1.188, 1.184. తగ్గుతున్నాయి, నిజమే. కానీ 1 వైపు నడుస్తున్నవాళ్ళు ఇలా అడుగు తగ్గించుకుంటూ పోరు. ఇవి 1.179 దగ్గర ఆగిపోతాయి. యాభై అలలు కలిపినా 1.179, లక్ష కలిపినా 1.179. మైనస్ 1 నుంచి ప్లస్ 1కి దూకే ఆ మొత్తం దూకుడులో ఇది దాదాపు 9 శాతం. అంచు దగ్గర మొలిచిన ఆ కొమ్ము పొట్టిదవదు, సన్నబడుతుందంతే. మూడు అలలప్పుడు మన 20 మిల్లీసెకన్ల చక్రంలో అది అంచుకి 1.67 మిల్లీసెకన్ల దూరంలో ఉంటుంది. యాభైకి 0.1 మిల్లీసెకను, వెయ్యికి 5 మైక్రోసెకన్లు. సన్నబడిపోవడంతో దానిలో ఉండే వైశాల్యమూ శక్తీ సున్నాకి వెళ్ళిపోతాయి. ఏ ఒక్క బిందువు దగ్గర నిలబడి చూసినా, N పెరిగేకొద్దీ కొమ్ము మనల్ని దాటి అంచు వైపు పోతుంది, మన దగ్గర ఎత్తు 1కి చేరుతుంది. నా పాత వాక్యం అబద్ధం కాకపోవడం ఈ అర్థంలో. కొమ్ము ఎప్పటికీ ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉంటుంది, నిజమంతా లేకపోవడం ఆ అర్థంలో.

దీన్ని గిబ్స్ దృగ్విషయం అంటారు. 1898లో ఆల్బర్ట్ మైకెల్సన్, శామ్యూల్ స్ట్రాటన్ కలిసి స్ప్రింగులతో, చక్రాలతో ఎనభై అలల్ని కలిపి కాగితం మీద గీసే యంత్రం చేశారు. అదే ఏడు మైకెల్సన్ ఈ మొత్తాల ప్రవర్తన గురించి ‘నేచర్’ పత్రికకి రాశాడు, ఉత్తరాల వాదులాట మొదలైంది. జోసయా విలార్డ్ గిబ్స్ మొదట రాసిన ఉత్తరంలో తానే పొరబడి, 1899లో దిద్దుకుంటూ ఈ కొమ్ము లెక్క సరిగ్గా చెప్పాడు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1848లో, హెన్రీ విల్‌బ్రహామ్ అనే ఇంగ్లీషువాడు ఇదే సంగతి అచ్చువేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. పేరు గిబ్స్‌కే దక్కింది.

పిల్లలు కంప్యూటరులో దీన్ని చూసుకోడానికి నోట్సులో ఈ అయిదు వరుసలూ ఇస్తాను.

```python
import numpy as np
x = np.linspace(0, 2*np.pi, 2001)
N = 3
s = sum(4/np.pi*np.sin((2*k-1)*x)/(2*k-1) for k in range(1, N+1))
print(round(s.max(), 4))
```

N = 3 పెడితే 1.1884 వస్తుంది, పైన చేతితో వేసిందే. N = 50కి 1.179. చురుకైనవాడు ఎవడో N = 1000 పెడతాడు, 0.9997 అని వస్తుంది. “కొమ్ము పోయింది సార్, చాలా అలలు కలిపితే పోతుంది” అని పరిగెత్తుకుంటూ వస్తాడు. పోలేదు. అతని బిందువులే దాన్ని చూడలేదు. చక్రమంతా 2001 బిందువులు పెట్టాం, అంటే రెండు బిందువుల మధ్య ఎడం చక్రంలో రెండు వేల వంతు. వెయ్యి అలల మొత్తంలో శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం కూడా సరిగ్గా అంతే. మన బిందువులు ప్రతిసారీ శిఖరం దాటేసి లోయలోనే కాలు పెడుతున్నాయి. అందుకే అన్నీ 1కి కిందే కనిపించాయి. 2001ని 20001 చేస్తే 1.179 మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఈ ఉచ్చుని నేను కావాలనే నోట్సులో వదిలాను, పడినవాడు మర్చిపోడు గనక.

దీనికి తోబుట్టువు లాంటి ఇంకో పొరపాటు ల్యాబులో జరుగుతుంది. ఆసిలోస్కోపు మీద స్క్వేర్ వేవ్ చూసినప్పుడు అంచు దగ్గర చిన్న వణుకు కనబడితే చాలు, రికార్డులో ‘గిబ్స్’ అని రాసేస్తారు. తేడా పట్టుకోవడం తేలిక. అలల వరుసని మధ్యలో తెంపడం వల్ల వచ్చే వణుకు అంచుకి రెండు వైపులా, అద్దంలో చూసినట్టు, సమానంగా ఉంటుంది. దూకక ముందే వణకడం మొదలవుతుంది. వైర్ల ఇండక్టెన్సు, ఎక్కడో దాగిన కెపాసిటెన్సు కలిసి పుట్టించే వణుకు అలా కాదు, దూకిన తర్వాతే వస్తుంది. సర్క్యూట్‌కి జరగబోయేది ముందే తెలియదు కదా. మా ఇన్వర్టరు కూడా వరుసని ఏ N దగ్గరా తెంపడం లేదు, స్విచ్చు తిప్పుతోందంతే. కాబట్టి దాని అంచు దగ్గర 271 వోల్టుల కొమ్ముందని లెక్కగట్టి భయపడితే అది కూడా తప్పే. వరుసని నిజంగా తెంపేవాళ్ళకి, అంటే కొన్ని అలలు మాత్రమే ఉంచుకుని మిగతావి పారేసే ఫిల్టరు రాసేవాళ్ళకి, ఆ కొమ్ముతో పని. దాన్ని అణచాలంటే తెంపే చోట కత్తితో కోసినట్టు కాకుండా, చివరి అలల బలాన్ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. కొమ్ము అణుగుతుంది గానీ అంచు కాస్త ఏటవాలు అవుతుంది. రెండూ ఒకేసారి దక్కవు.

నోట్సులో ఆ వాక్యం ఇప్పుడిలా మారింది: “కలిపేకొద్దీ మొత్తానికీ స్క్వేర్ వేవ్‌కీ మధ్య తేడాలోని శక్తి సున్నాకి చేరుతుంది. అంచు పక్కన ఉండే అత్యధిక ఎత్తు మాత్రం 1కి చేరదు.” వినడానికి మునుపటి దానంత సొంపుగా లేదు.

ఎలక్ట్రీషియనుకి ఇదంతా చెప్పలేదు. మీటరు సంగతి మాత్రం చెప్పాను. అతను తల పంకించి, “అయితే పక్కింటోళ్ళది కూడా చూత్తానండి” అంటూ వెళ్ళాడు. పక్కింటివాళ్ళది కాస్త కొత్త రకం. ప్లస్ నుంచి మైనస్‌కి ఒక్కసారిగా దూకదు, మధ్యలో కాసేపు సున్నా దగ్గర ఆగుతుంది. ఆ ఆగడంలో ఒక చమత్కారం ఉంది. పది మిల్లీసెకన్ల అర చక్రంలో మొదట 1.67, చివర 1.67 మిల్లీసెకన్లు ఖాళీగా వదిలేశామనుకోండి. మూడో అల వంపులు గుర్తున్నాయి కదా, పైకి, కిందికి, పైకి. ఒక్కో వంపు వెడల్పు 3.33 మిల్లీసెకన్లు. మొదటి వంపులో ముందు సగం, చివరి వంపులో వెనక సగం ఖాళీలో పోయాయి. మిగిలింది పైకి ఒక సగం, కిందికి ఒక నిండు, పైకి ఒక సగం. కూడితే సున్నా. ఎవరికీ జోడీ కాకుండా మిగిలిపోయిన వంపుకి కత్తెర పెట్టి జోడీ కట్టేశారు. మూడో అల మొత్తానికే మాయం, దాని వెనకే తొమ్మిదోది కూడా.

అయిదోది మాత్రం పోదు. ఖాళీ వదిలినా ఆర్‌ఎమ్‌ఎస్ 230 ఉండాలంటే ఎత్తు 282కి పెంచాలి. ఆ లెక్కలో అయిదో అల 41 నుంచి 44 వోల్టులకి కొంచెం పెరుగుతుంది కూడా. కానీ మోటారుకి పనికొచ్చే మొదటి అల 207 నుంచి 220కి వస్తుంది, ఫ్యాను మోత బాగా పల్చబడుతుంది. సగటు చూసే మీటరు మాత్రం ఇక్కడ ఇంకో పాట పాడుతుంది. 282లో మూడింట రెండు వంతులు సగటు, 188. దాన్ని 1.11తో గుణిస్తే 209.

పది నిమిషాల తర్వాత గోడ అవతల నుంచి అతని గొంతు వినబడింది.

“మీది ఎక్కువండీ, ఈళ్ళది తక్కువొత్తంది. రెండొందల పది కూడా లేదు. బ్యాటరీ పోయినట్టుందండి, ఆయ్.”